బాపు అన్న మాటకు సంజాయిషీ

ఆఫీసుల్లో తాతలు చనిపోయినన్నిసార్లు ఇంకెవరూ చనిపోరు. మా సెక్షన్‌లో ఒకాయన తాత నాకు తెలిసి మూడుసార్లు పోయాడు. మూడోసారి మాత్రం మేమందరం కలిసి టీ తాగుతూ సంతాపం చెప్పాం. నేనూ నవ్వాను. అందుకే నిజంగా మా తాత పోయినప్పుడు నా మాట ఎవరైనా నమ్ముతారా అని నాకు గుండెల్లో రాయి పడింది.

అవి డెబ్భైల చివరి రోజులు. మా ఇల్లు శాలిబండలో, ఆఫీసు మూసీకి అవతల, అఫ్జల్‌గంజ్ దాటాక. నేను గుమాస్తాను. చేరి పద్నాలుగు నెలలైంది, ఇంకా ప్రొబేషన్. ఆ ఉద్యోగం నా చదువు చూసి ఇచ్చింది కాదు. మా నాయిన అదే శాఖలో, జిల్లాల్లో పనిచేస్తూ చనిపోతే, ఇంట్లో ఒకరికి అని నాకిచ్చారు. ఇంట్లో అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు, తాత. నా ఉద్యోగం మీదే ఇల్లు నడుస్తోంది. ఇది మా గల్లీలో అందరికీ తెలుసు, నాకు మాత్రం రోజుకు నాలుగుసార్లు గుర్తుకొచ్చేది.

తాత అని రాస్తున్నాను గానీ ఆయన్ని నేను ఏనాడూ తాత అనలేదు. నాయిన ఉద్యోగం ఊళ్ల వెంట. పండక్కో, జ్వరం వస్తేనో ఇంటికి వచ్చేవాడు. మమ్మల్ని పెంచింది తాత. నాయిన ఆయన్ని బాపు అనేవాడు, అది విని మేమూ బాపు అన్నాం. ఎవరూ దిద్దలేదు. ఆయనకు దిద్దాలని తోచినట్టు లేదు. తెలంగాణలో బాపు అంటే తండ్రి అనే అర్థం. మా ఇంట్లో మాత్రం నాయిన అంటే తండ్రి, బాపు అంటే తాత. ఇంట్లో ఇది ఎంత సహజమో, గడప దాటితే ఎంత ప్రమాదమో అప్పటిదాకా నాకు తెలియదు.

బాపు లాడ్ బజార్ గాజుల దుకాణాలకు అట్టపెట్టెలు చేసేవాడు. మైదాపిండితో కాచిన లై గిన్నె ముందు పెట్టుకుని, బొటనవేలితో అట్ట అంచులకు లై రాస్తూ రోజంతా కూర్చునేవాడు. నలభై ఏళ్లు అదే వేలితో రాసి రాసి దాని మీద గీతలు అరిగిపోయాయి. మా చెల్లెళ్లు ఆ వేలిని చెంపకు రాసుకుని, గాజు ముక్కలాగా నున్నగుంది బాపూ అని ఆటపట్టించేవాళ్లు.

ఒక సోమవారం తెల్లవారాక మంచినీళ్లు అడిగాడు. అమ్మ తెచ్చేసరికి లేడు. అంతే.

ఆఫీసుకు కబురు చెప్పాలి. మా పక్క గల్లీలో మా ఆఫీసు దఫేదారు, బంట్రోతుల మీద పెద్ద, ఉండేవాడు. పెద్దాయన, ఇంకో ఆఫీసు నుంచి బదిలీ మీద వచ్చి, మా వైపు ఇల్లు తీసుకుని అయిదారు నెలలైంది. మా నాయిన సంగతి ఆయనకు తెలియదు. మేమంతా చాచా అనేవాళ్లం. సైకిల్ తోసుకుంటూ డ్యూటీకి బయల్దేరినవాడు మా వాకిట్లో జనాన్ని చూసి ఆగాడు. నేను బయటికి వెళ్లి, "చాచా, మా బాపు పోయిండు. మూడు దినాలు క్యాజువల్ లీవని సారుకు చెప్పుండ్రి" అన్నాను.

చాచా నా భుజం మీద చెయ్యివేసి, "ఫికర్ చెయ్యకు బేటా. నేను చెప్త" అన్నాడు. ఆయన చెప్పాడు. అక్కడే వచ్చింది చిక్కంతా.

నాయిన లేడు కాబట్టి కొరివి నేనే పెట్టాలి. మూసీ ఒడ్డున, మా వైపే ఉన్న శ్మశానానికి తీసుకుపోయాం. అక్కడ చిట్టీ రాసే మనిషి రేకుల షెడ్డులో కూర్చుని ఉన్నాడు. పోయినాయన పేరు అడిగాడు, వయసు అడిగాడు, నీ పేరేంది అన్నాడు. అన్నీ చెప్పాను. "నీకేమైతడు?" అన్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు, నేను తల దించుకునే చెప్పాను, "బాపు" అని. అతను ఏదో రాసి చిట్టీ చింపి ఇచ్చాడు. దాన్ని మడిచి మొలలో దోపుకున్నాను. ఏం రాశాడో చూసే స్థితిలో నేను లేను.

మూడోనాడు పిట్టకు ముద్ద పెట్టి వచ్చాక మా మేనమామ నన్ను కూర్చోబెట్టి మిగతా లెక్క చెప్పాడు. పదోనాడు ఏటి ఒడ్డున పిండాలు, గుండు. పదకొండోనాడు దినాలు. పన్నెండోనాడు శుద్ధి. కొరివి పెట్టినవాడే అన్నీ చెయ్యాలి, మధ్యలో చెయ్యి మార్చకూడదు. అప్పటిదాకా ఒంటిపూట భోజనం, చాప మీద పడక, కాళ్లకు చెప్పులు లేవు, చేతిలో ఎప్పుడూ ఇనుము ఉండాలి. నాకు మా ఇంటి తాళంచెవి ఇచ్చారు. "ఇంకోటి యాది పెట్టుకో," అన్నాడు మామ. "పదోనాడు దాక నువ్వు ఏరు దాటొద్దు. ఎవల ఇంట్ల అడుగు పెట్టొద్దు."

ఏరు దాటకపోతే ఆఫీసు లేదు. తీసుకున్నది మూడురోజుల సెలవు, అది ఆ సాయంత్రంతో సరి. ఇంకా తొమ్మిది రోజులు కావాలి. ప్రొబేషన్‌లో ఉన్నవాడు, తాత పోతే పన్నెండు రోజులు అడగడం ఎట్లా? తండ్రి పోతే అడగక్కర్లేదు, వాళ్లే పొమ్మంటారు. తాత అనేసరికి ఎవరైనా ముందు మన మొహంలోకి చూస్తారు, నవ్వు ఎక్కడైనా దాగి ఉందా అని.

ఎంతో ఆలోచించి, ఆఫీసు ఇంగ్లీషులో, వీలైనంత వినయంగా దరఖాస్తు రాశాను. మా తాతగారు కాలం చేశారనీ, తండ్రి లేనందున కర్మ నేనే చేయవలసి ఉన్నదనీ, నాలుగోనాటి నుంచి పన్నెండోనాటి వరకు సెలవు పొడిగించమనీ, పదమూడోనాడు శనివారం తప్పక డ్యూటీలో చేరతాననీ రాశాను. సెలవులో ఉండే చిరునామా రాశాను. నా దగ్గరున్న ఫైళ్లు ఏ అలమారాలో ఉన్నాయో, ఏది అర్జెంటో కింద ఇంకో నాలుగు లైన్లు రాశాను. చదువుకుంటే బాగానే ఉందనిపించింది. బుధవారం సాయంత్రం చాచాకు ఇచ్చాను.

గురువారం సాయంత్రం చాచా వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు. మైలలో ఉన్నవాణ్ని ముట్టుకోకూడదని మామ చెప్పి ఉన్నాడు కాబట్టి, ఒక కవరు అరుగు మీద పెట్టి వెనక్కి జరిగాడు. ముఖం కళ తప్పింది.

"సార్ మస్తు నారాజ్ ఉన్నడు బేటా," అన్నాడు. "నీ ఫైల్ తెమ్మన్నడు."

కవరులో మెమో. అందులో ఉన్నది ఇది: సోమవారం నాడు తండ్రి చనిపోయినట్టు తెలిపి క్యాజువల్ లీవు తీసుకున్నావు. ఇప్పుడు తాత చనిపోయినట్టు రాసి పొడిగింపు కోరుతున్నావు. నీ తండ్రి మరణించిన కారణంగానే నీకు ఈ ఉద్యోగం ఇవ్వబడినట్టు రికార్డు ఉన్నది. ఏది నిజమో ఆధారాలతో సంజాయిషీ ఇవ్వవలెను. ఇవ్వనియెడల తగు చర్య తీసుకొనబడును.

రెండోసారి చదివేసరికి అక్షరాలు కదలడం మొదలెట్టాయి.

"చాచా, మీరు సారుకు ఏమని చెప్పిండ్రు?"

"నువ్వు చెప్పిందే. ఉన్కే బాప్ గుజర్ గయే సాబ్, అన్న. తప్పా?"

తప్పు లేదు. నేను బాపు అన్నాను, ఆయన చెవికి బాప్ అని వినిపించింది. ఆయన బాప్ అన్నాడు, సూపరింటెండెంటు హాజరు పట్టీలో నా పేరు ఎదురుగా ‘తండ్రి మరణం’ అని రాసుకున్నాడు. ముగ్గురం నిజమే చెప్పాం. చివరికి తేలింది మాత్రం అబద్ధం.

చాచాకు విషయం చెబితే చేతులు రెండూ పిసుక్కుంటూ నిలబడ్డాడు. అప్పుడు నాకు శ్మశానం చిట్టీ గుర్తుకొచ్చింది. ఆధారం అంటే అదే కదా. లోపలికెళ్లి, ఆ రోజు గూట్లో పెట్టినదాన్ని తీసి విప్పాను. మరణించినవారి పేరు సరిగానే ఉంది. కింద, కర్మ చేసినవారు: నా పేరు. సంబంధం: కుమారుడు.

భయం నాకు కొత్త కాదు. కానీ ఆ రోజు వచ్చింది వేరే రకం. ఎవరైనా హాజరు పట్టీ, నా దరఖాస్తు, ఈ చిట్టీ పక్కపక్కన పెడితే ఏమనుకుంటారో నాకు స్పష్టంగా కనబడింది. వీడి తండ్రి మొన్నటిదాకా బతికే ఉన్నాడు. దొంగ సర్టిఫికెట్ పెట్టి ఉద్యోగం సంపాదించాడు. తండ్రి నిజంగా పోయిన రోజు నోరు జారాడు, తరవాత నాలిక కరుచుకుని తాత అని మార్చాడు. చిట్టీలో పేరు నాయినది కాదంటే, అదీ మార్చి చెప్పిందే అంటారు. నేను సూపరింటెండెంటునైనా అట్లాగే అనుకునేవాణ్ని.

అమ్మకు చెప్పకూడదనుకున్నాను. కానీ అప్పటికే గుమ్మంలోకి వచ్చి నిలబడి అంతా విన్నది. "మీ నాయినను మల్ల బతికిస్తరా ఏంది వాళ్లు," అన్నది. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలియలేదు. కాసేపటికి చిన్నచెల్లెలి పుస్తకాలన్నీ తీసి సర్దడం మొదలుపెట్టింది, ఏదో ఊరికి ప్రయాణమైనట్టు. అమ్మ భయపడితే అట్లాగే చేసేది.

తెల్లారి ఆఫీసుకు పోయి చెప్పుకుంటానన్నాను. మామ ఒప్పుకోలేదు. "ఏరు దాటితె ఇయ్యాల దాక చేసిందంత ఎటు పోవాలె? ముసలాయన ఎటు పోవాలె?" అన్నాడు. ఆయన కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ భయం వేసింది. ఏరు దాటితే బాపుకు దారి లేదు, దాటకపోతే మాకు దారి లేదు. అటూ ఇటూ కాకుండా ఆ చాప మీదే ఉండిపోవాలనిపించింది.

దారి చూపింది చాచానే. "సూపరింటెండెంట్ సాబ్ ఘర్ సైదాబాద్ల ఉంది," అన్నాడు. "నద్ది దాటే పని లేదు. పొద్దుగాల్ల పో. ఘర్ లోపలికి పోకు, బాహర్ నిలబడు." మామ ఇంట్లోకి పోకపోతే సరే అన్నాడు. బస్సు ఎక్కితే ఎవరైనా తగులుతారని నడిచే పొమ్మన్నాడు.

శుక్రవారం తెల్లారగానే బయలుదేరాను. చెప్పులు లేని కాళ్లు, మాసిన గడ్డం, భుజం మీద తువ్వాలు, ఒక చేతిలో తాళంచెవి, ఇంకో చేతిలో కాగితాలు. దారిలో తెలిసినవాళ్లు పలకరించకుండా పక్కకు తప్పుకున్నారు. అది పద్ధతే, అయినా నేను ఏదో తప్పు చేసినట్టే అనిపించింది. దారి పొడుగునా సంజాయిషీ వల్లెవేసుకుంటూ నడిచాను. సైదాబాద్ చేరేసరికి మొదటి వాక్యం తప్ప ఏమీ మిగల్లేదు.

సూపరింటెండెంటు గుంటూరు వైపు మనిషి. మా ఆఫీసుకొచ్చి ఏడాది కూడా కాలేదు. తక్కువ మాట్లాడతాడు, రాసేది ఎక్కువ. ఆయన ఫైలు చదువుతుంటే సెక్షన్‌లో ఎవరూ కుర్చీ కూడా జరపరు. గేటు బయట, రోడ్డుకు అవతలి వైపు కరెంటు స్తంభం దగ్గర నిలబడ్డాను. ఆయన భార్య ముగ్గు వెయ్యడానికి వచ్చి నన్ను చూసి, ముగ్గు బుట్టతో అట్లాగే లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి ఆయన బనీను మీద తువ్వాలు కప్పుకుని గేటు దగ్గరకొచ్చాడు.

"నువ్వా? ఇంటికెందుకొచ్చావ్?"

"ఇంట్లకు రాను సార్. మైలల ఉన్న. ఇక్కడ్నే చెప్త."

ఆయన గేటు తీసి రోడ్డు మధ్యదాకా వచ్చాడు. నేను చిట్టీ, మెమో నేల మీద పెట్టి, ఎగిరిపోకుండా రాయి పెట్టి, వెనక్కి జరిగాను. ఆయన వంగి తీసుకున్నాడు. సంబంధం అన్న చోట చూపు ఆగడం నాకు కనిపించింది.

"కుమారుడు అని ఉంది."

"బాపు అన్న సార్. చిట్టీ రాసెటాయన కొడుకని రాసుకున్నడు."

"బాపు అంటే తండ్రే కదయ్యా మీకు? ఇక్కడికొచ్చాక నేర్చుకున్న మాటల్లో అదొకటి."

"మా ఇంట్ల తాతనే బాపు అంటం సార్. చిన్నప్పటి నుంచి గంతే. మా నాయిన పోయి రెండేండ్లు దాటింది. నేను అబద్ధం చెప్పలేదు."

తాళంచెవి చేతిలో గుచ్చుకునేంత గట్టిగా పట్టుకున్నాను. ఆయన చిట్టీలో మరణించినవారి పేరు ఇంకోసారి చదివాడు. నమ్మాడో లేదో ఆ ముఖంలో ఏమీ తెలియలేదు.

"మీ తాతగారిది ఈ పేరేనా?"

"అవును సార్."

"సరే, అది నేను చూస్తాను. ముందు నీ దరఖాస్తు సంగతి విను. అదే తప్పు." ఆయన గొంతు ఆఫీసు గొంతయింది, నాకు విచిత్రంగా కొంచెం ధైర్యం వచ్చింది. "క్యాజువల్ లీవుకి వేరే సెలవు అతకదు. మొదటి మూడు రోజులూ అదీ, మిగతాది ఇదీ అంటే కుదరదు. పోనీ అంతా క్యాజువల్ లీవే అంటే, ఆదివారాలతో కలిపి పది రోజులు దాటకూడదు, నీకు పన్నెండు కావాలి. కాబట్టి సోమవారం పెట్టిన మూడు రోజులూ రద్దు చెయ్యమని అడుగు. మొదటి రోజు నుంచి పన్నెండోరోజు దాకా మొత్తం ఈఎల్ అడుగు. నీ ఖాతాలో జమ అయిన సెలవు సరిపోతుంది, నిన్న చూశాను. ప్రొబేషన్ ఆ పన్నెండు రోజులూ ముందుకు జరుగుతుంది, దానికి బాధపడకు. సంజాయిషీ విడిగా రాయి. రెండూ ఒకే కాగితం మీద పెట్టకు. సెలవు అడిగే చోట ఏడుపు ఉండకూడదు, సంజాయిషీలో సెలవు ఊసు ఉండకూడదు."

తల ఊపుతూ అన్నీ మనసులో రాసుకున్నాను.

"ఒకటి మాత్రం చెప్తున్నా," అన్నాడు. "మెమో కాపీ పెద్దసారుకి వెళ్లిపోయింది. మంజూరు చెయ్యాల్సింది ఆయన. నీ అపాయింట్‌మెంటు ఫైలు చూడకుండా నేను ఏమీ రాయను. అందులో ఏముందో నాకు తెలీదు."

వెళ్లొస్తాను అనబోయి నోరు మూసుకున్నాను. మైలలో ఉన్నవాడు ఒకరి గుమ్మం ముందు వెళ్లొస్తానని అనకూడదు. ఆయనా వెళ్లిరా అనలేదు. అది పద్ధతి తెలిసే అనలేదో, నేను మళ్లీ ఆఫీసుకు వచ్చేది లేదనే అనలేదో అర్థంకాక దారంతా అదే నమిలాను.

ఆ మధ్యాహ్నమే రెండు కాగితాలు విడివిడిగా రాసి చాచాకు ఇచ్చాను. సంజాయిషీలో మొదటిసారి ‘ఆయన నా తండ్రి కారు’ అని రాయాల్సి వచ్చింది. నిజమే రాశాను. అయినా పక్కగదిలో ఆయన చాప, లై గిన్నె ఇంకా తియ్యకుండానే ఉన్నాయి, వాటికి వినబడుతుందేమో అన్నట్టు చేతిని అడ్డం పెట్టుకుని రాశాను.

తరవాత అయిదు రోజులు. ఎవరి అడుగుల చప్పుడైనా కవరు అనిపించేది. పరామర్శకు వచ్చినవాళ్లు బాపు గురించి ఏదో మంచిమాట చెబుతుంటే నేను అపాయింట్‌మెంటు ఫైలులో ఏమేం కాగితాలు పెట్టామో లెక్కపెట్టుకునేవాణ్ని. నాయిన మరణ సర్టిఫికెట్, తహసీలు ఆఫీసు వారసుల సర్టిఫికెట్, ఇంట్లో పెద్దవాళ్లు ఈ ఉద్యోగం వీడికివ్వడానికి మాకు అభ్యంతరం లేదని రాసిచ్చిన కాగితాలు. అన్నీ సరైనవే. కానీ సరైన కాగితాలు ఎట్లా తప్పుగా చదవబడతాయో నేను అప్పటికే చూసి ఉన్నాను. ఇంకా పచ్చిగా చెప్పాలంటే, బాపు మీద కోపం కూడా వచ్చింది. చిన్నప్పుడే ఒక్కసారి, నేను తాతను రా అని చెప్పి ఉంటే పోయేది కదా. ఆ కోపం వచ్చినందుకు మళ్లీ భయం వేసింది, దినాలు పూర్తికానివాడు వింటాడంటారు. ఏడుపు మాత్రం రాలేదు. అందరూ నన్ను గుండె దిటవైనవాడు అన్నారు.

ఒకరోజు మామతో అనేశాను. "నేను డ్యూటీల చేరుత మామా. మిగిలింది బాపు తమ్ముని మనుమనితోని చేపియ్యుండ్రి." మామ బాపు చాప వైపు చూశాడు. చెప్పులు లేకుండానే వీధి మలుపు దాకా వెళ్లాను. అక్కడి నుంచి ఏటి వైపు దారి కనబడుతుంది. కాసేపు నిలబడి తిరిగి వచ్చేశాను. ధైర్యం వచ్చి కాదు. రెండు భయాల్లో బాపుది కొంచెం బరువుగా తోచింది, అంతే.

పదోనాడు, బుధవారం, ఏటి ఒడ్డుకు పోయాం. గుండు చేయించుకుని, నీళ్లలో మునిగి, తడిబట్టలతో పిండాల ముందు కూర్చున్నాను. పంతులు మంత్రం చెబుతున్నాడు. అప్పుడు ఒడ్డు మీద చాచా సైకిలు కనబడింది. దిగి, దూరంగా నిలబడి, చేతిలో కవరు ఎత్తి చూపించాడు.

లేవడానికి లేదు. పిండి అంటిన చేతులు. చాచాకు ఇంగ్లీషు రాదు, మామకు అసలు చదువే రాదు. మామ సైగ చేస్తే చాచా ఆ కవరును ఒక రాయి కింద పెట్టి వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. పంతులు నా వైపు తిరిగి, "మీకేమవుతారు?" అన్నాడు, మంత్రంలో చెప్పడానికి. నా నోరు తెరుచుకోలేదు. ఆ ప్రశ్నకు నేను ఇచ్చిన జవాబే నన్ను ఇక్కడిదాకా తెచ్చింది. మామ నా బదులు, "తండ్రికి తండ్రి" అన్నాడు. పంతులు పితామహ అని మొదలుపెట్టాడు. గంట సేపు ఆ రాయి వైపే చూస్తూ, ఆయన చెప్పిన ప్రతి మాటా తిరిగి పలికాను. ఎవరికి పెడుతున్నానో, ఏం పెడుతున్నానో నాకు తెలిస్తే ఒట్టు.

చేతులు కడుక్కున్నాక కవరు విప్పాను. మొదట ఆఫీసు ఆర్డరు: పన్నెండు రోజుల ఈఎల్ మంజూరు. క్యాజువల్ లీవు రద్దు. సంజాయిషీ అంగీకరించబడినది. దాని వెనక ఒక చిన్న చీటీ, తెలుగులో, సూపరింటెండెంటు గుండ్రటి చేతిరాత: ‘నీ ఫైలు చూశాను. నువ్వు చెప్పింది నిజమే. దినాలు సక్రమంగా పూర్తిచేసుకుని రా.’

చదివి వినిపించాను. చాచా తల మీది టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "నా జబాన్ తోని నీకు ఇంత అయింది," అన్నాడు. మామ ఆయన్ని భోజనానికి ఉండమన్నాడు.

శనివారం డ్యూటీలో చేరాను. చేరుతున్నట్టు కాగితం ఇచ్చాక సూపరింటెండెంటు హాజరు పట్టీ ముందుకు జరిపాడు. ‘తండ్రి మరణం’ అన్నది ఎర్రసిరాతో కొట్టేసి, పైన ‘తాత’ అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టి ఉంది. నన్నూ చూసుకోమన్నాడు. తరవాత నా అపాయింట్‌మెంటు ఫైలు తీసి, ఒక చోట తెరిచి నా వైపు తిప్పాడు.

"ఇది నీకు తెలుసా?"

బాపు ఇచ్చిన అభ్యంతరం లేదన్న కాగితం. ఆ రోజు నాకు గుర్తుంది. తహసీలు ఆఫీసులో బాపును ఒక్కణ్నే లోపలికి పిలిచారు, నేనూ అమ్మా వరండాలో నిలబడ్డాం. లోపల గుమాస్తా ఏదో గట్టిగా విసుక్కోవడం వినిపించింది. కాసేపటికి బాపు, బొటనవేలి సిరాను నెత్తికి తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. ఏమైంది బాపూ అంటే, ఏం లేదు పదమన్నాడు. ఆ కాగితం నేనెప్పుడూ చూడలేదు.

అందులో గుమాస్తా రాసిన వాక్యం ఇట్లా ఉంది: ఈ ఉద్యోగము నా కుమారునికి ఇచ్చుటకు నాకు ఎట్టి అభ్యంతరము లేదు. కుమారునికి అన్న మాట మీద గీత. పైన చిన్న అక్షరాలతో, మనుమనికి. దిద్దుబాటు పక్కన, ఆ దిద్దుబాటు తన ఎదుటే జరిగిందనడానికి, ఒక వేలిముద్ర. కింద సంతకం చోట ఇంకోటి. రెండింటిలోనూ గీతలు లేవు. నున్నటి నల్లటి మచ్చలు.

"వీడు నీకేమవుతాడని అడిగుంటారు," అన్నాడు సూపరింటెండెంటు. "మీ ఇద్దరి లెక్కా ఒకటే. ఇది చూశాక ఇంక నాకు వేరే ఆధారం ఎందుకు?"

జవాబు చెప్పాలని నోరు తెరిచాను. పన్నెండు రోజులు రానిది అప్పుడు వచ్చింది. సెక్షన్ అందరి ముందు, ఫైలు తడవకుండా పక్కకు జరిపి, బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. ఎవరూ కుర్చీ జరపలేదు.